ఎమ్మెస్ ఉన్నా బీటెక్ లెక్కే అడుగుతారు

అమెరికాలో వంతెన డిజైన్ డ్రాయింగుల మీద ప్రొఫెషనల్ ఇంజనీర్ (పీఈ) ముద్ర, సంతకం ఉండాలి. ఆ లైసెన్సు ఇచ్చేది అక్కడి కేంద్ర ప్రభుత్వం కాదు, ఒక్కో రాష్ట్రంలోని బోర్డు. అక్కడే ఎమ్మెస్ చేసి ఉద్యోగంలో చేరిన మన పిల్లలు చాలామంది ఇక డిగ్రీ గొడవ తీరిపోయిందనుకుంటారు. తీరదు. చాలా బోర్డులు ముందు చూసేది బీటెక్‌నే.

‘మా కాలేజీకి ఎన్‌బీఏ ఉంది కదా’ అన్న ధీమా కూడా అన్నిచోట్లా పనిచేయదు. 2014లో మన దేశం వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందింది. ఆ ఒప్పందం వర్తించేది ఎన్‌బీఏ టయర్-1 గుర్తింపున్న కోర్సులకే. యూనివర్సిటీకి అనుబంధంగా నడిచే మామూలు కాలేజీలు టయర్-2లోకి వస్తాయి. పైగా గుర్తింపు కాలేజీ మొత్తానికి కాదు, ఫలానా బ్రాంచికి, ఫలానా ఏళ్లకు. అన్నీ కుదిరినా, అది కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థల మధ్య ఒప్పందం. లైసెన్సు బోర్డులు దానికి కట్టుబడాలని లేదు.

అందుకే చాలామంది ఎన్‌సీఈఈఎస్ అనే సంస్థ చేత డిగ్రీని మూల్యాంకనం చేయించుకుంటారు. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో సివిల్ చదివిన అమ్మాయి ఒకరు దరఖాస్తు చేసిందనుకుందాం. గణితం, మౌలిక శాస్త్రాల్లో 32 క్రెడిట్లు, ఇంజనీరింగ్‌లో 48 ఉండాలి. ఇంజనీరింగ్‌లో ఆమెకు కావలసినదానికన్నా ఎక్కువే ఉన్నాయి. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపితే మాత్రం 27 దగ్గర ఆగాయి. వర్క్‌షాప్, ఇంజనీరింగ్ డ్రాయింగ్ ఈ ఖాతాలోకి రావు. ఆ 5 క్రెడిట్ల లోటు కోసం మళ్లీ డిగ్రీ చేయనక్కర్లేదు. బోర్డును ముందే అడిగి, దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో స్టాటిస్టిక్స్, బయాలజీ లాంటి రెండు కోర్సులు చదివితే సరిపోవచ్చు. ఒకసారి చదివిన పాఠాన్నే మళ్లీ చదివితే లెక్కలోకి రాకపోవచ్చు, అదొక్కటి చూసుకోవాలి.

ఈలోగా చాలా రాష్ట్రాల్లో తొలి పరీక్ష ఎఫ్‌ఈ రాసేయవచ్చు. 110 ప్రశ్నలు, 5 గంటల 20 నిమిషాలు. ఆ తర్వాత మామూలుగా నాలుగేళ్ల అనుభవం, పీఈ పరీక్ష. ఎక్కువమంది తడబడేది అనుభవం రాసేచోటే. ‘వంతెన ప్రాజెక్టులో పనిచేశాను’ అంటే చాలదు. ఏ గర్డర్‌కు ఏ భారాలు లెక్కించారు, ఏ నిర్ణయం మీది అన్నది రాయాలి, మీ పని తెలిసిన పీఈలు దాన్ని ధ్రువీకరించాలి. ఎలక్ట్రికల్ వారిలో కంపెనీ ఉత్పత్తుల మీద పనిచేసేవారికి చాలా రాష్ట్రాల్లో ఈ లైసెన్సు అక్కర్లేదు. భవనాల వైరింగ్, సబ్‌స్టేషన్ డిజైన్ చేసేవారికి మాత్రం అది లేకపోతే ఎదుగుదల ఆగిపోతుంది.

మార్కుల మెమోలు మీరు స్కాన్ చేసి పంపితే కుదరదు, ట్రాన్స్‌క్రిప్టులు యూనివర్సిటీ నుంచే నేరుగా వెళ్లాలి. విమానం ఎక్కకముందే ఆ పద్ధతి కనుక్కుని, మీ బ్యాచ్ రెగ్యులేషన్ ఆర్16 అయినా ఆర్18 అయినా దాని పూర్తి సిలబస్ పుస్తకం దగ్గర పెట్టుకోండి.