వార్తల్లో పదం: సీసీ లైసెన్స్

ఉచిత ఫొటో వాడినందుకు డబ్బు కట్టమని నోటీసు ఎందుకొస్తుంది? చాలాసార్లు ఫొటో కింద రాయని ఒక్క లైను వల్లే.

క్రియేటివ్ కామన్స్ సంస్థ 2002లో తెచ్చిన అనుమతి పత్రాలే సీసీ లైసెన్సులు. స్కూలు ప్రాజెక్టు కోసం వికీమీడియా కామన్స్ నుంచి చార్మినార్ ఫొటో తీసుకున్నారనుకుందాం. పక్కన CC BY-SA 4.0 అని ఉంది. BY అంటే తీసినవారి పేరు చెప్పాలి. SA అంటే ఫొటోను మార్చి పంచితే అదే లైసెన్స్ ఇవ్వాలి. కాబట్టి ఫొటోతో పాటు తీసినవారి పేరు, ఆ పేజీ లింకు, లైసెన్స్ పేరు, దాని లింకు ఉండాలి. కత్తిరించినా, రంగులు మార్చినా ఆ మాటా రాయాలి. ‘గూగుల్ సౌజన్యంతో’ అంటే చెల్లదు.

అసలు మెలిక చివరి అంకెలో ఉంది. 2.0 వంటి పాత వెర్షన్లలో షరతు తప్పితే అనుమతి దానంతటదే రద్దవుతుంది. క్లెయిములే వ్యాపారంగా పెట్టుకున్నవాళ్లకు ఇదే ఆసరా. 4.0లో అయితే తప్పు తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దితే అనుమతి తిరిగొస్తుంది.

వీడియో కోసం వెతికే పాటల దగ్గర ND కనిపిస్తే వదిలేయండి. ND అంటే మార్చి పంచకూడదు. వీడియోకు జత చేయడమూ మార్పు కిందికే వస్తుంది. ఫాంట్లతో ఇంత తంటా లేదు. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉన్న ఫాంటుతో పోస్టరు వేస్తే ఎవరి పేరూ రాయక్కర్లేదు.

డౌన్‌లోడ్ చేసిన రోజే లైసెన్స్ కనిపించేలా ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.