ఇంటర్వ్యూకి కరవని బూట్లు

డిగ్రీ పూర్తయిన కుర్రాడికి మొదటి ఇంటర్వ్యూ అరగంటలో తేలే పని కాదు. హైటెక్ సిటీలో వాకిన్ ఉందంటే పొద్దున్నే బస్సు, ఆపైన మెట్రో, స్టేషన్ నుంచి ఆఫీసు దాకా నడక, గేటు దగ్గర లైను, రాత పరీక్ష, పేరు పిలిచేదాకా ఎదురుచూపు. అసలు మాటలు మొదలయ్యేసరికి బూట్లు తొడుక్కుని ఏడెనిమిది గంటలైనా ఆశ్చర్యం లేదు. అప్పటికి బూటు కరిచి మడమ మీద పొక్కు లేచిందంటే మనసు ప్రశ్న మీద నిలవదు. అందుకే చేతిలో ఉన్నది పదిహేను వందలే అయినప్పుడు మెరుపునీ కంపెనీ పేరునీ పక్కనపెట్టి, పాదం బూటులో ఎలా పడుతోందన్నది ముందు చూడాలి.

చిన్నప్పటి నుంచి ఇంట్లో ఉత్తికాళ్లతో, బయట చెప్పులతో తిరిగిన పాదం వేళ్ల దగ్గర బాగా విచ్చుకుని ఉంటుంది. తక్కువ ధరలో దొరికే ఫార్మల్ షూలు చాలావరకు ఒకే వెడల్పులో, కొన సన్నబడుతూ వస్తాయి. తొడుక్కోగానే చిటికెనవేలు నలుగుతుంది. కుర్రాడు ఒక సైజు పెద్దది అడుగుతాడు. మన సైజుల్లో ఒక నంబరు పెరిగితే పొడవు దాదాపు 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. వేళ్లకు కాస్త ఊపిరాడుతుంది గానీ మడమ వదులై, అడుగు తీసినప్పుడల్లా బూటు గోడకు రాసుకుంటుంది. పొక్కు పుట్టేది అక్కడే. చోటు చాలంది వెడల్పులో అయితే పొడవు పెంచి లాభం లేదు, బూటు ఆకారమే మార్చాలి.

లేసుల బూట్లలో ఆక్స్‌ఫర్డ్, డెర్బీ అని రెండు రకాలున్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లో లేసు రంధ్రాలుండే రెండు పట్టీలనూ బూటు ముందుభాగం కిందికి చేర్చి కుట్టేస్తారు. డెర్బీలో అవి ముందుభాగం పైన ఉండి, అడుగున విడిగా తెరుచుకుంటాయి. లేసు వదులు చేస్తే డెర్బీ బాగా విప్పారుతుంది. వెడల్పు పాదానికీ, పైభాగం ఎత్తుగా ఉండే పాదానికీ అదే నయం. కొన గుండ్రంగా, రంగు నల్లగా ఉంటే ఏ ఆఫీసులోనైనా చెల్లుతుంది. లేసుల్లేని లోఫర్ చూడ్డానికి సుళువే గానీ అది పాదాన్ని పట్టుకునేది బిగుతుతోనే. బిగుతు చాలకపోతే జారుతుంది, ఎక్కువైతే నొక్కుతుంది, సర్దుకోవడానికి లేసు ఉండదు.

షాపుకి సాయంత్రం వెళ్లాలి. రోజంతా తిరిగాక పాదం కొద్దిగా ఉబ్బుతుంది, ఇంటర్వ్యూ నాడూ ఉబ్బుతుంది. బయల్దేరే ముందు ఇంట్లో ఒక కాగితం మీద నిలబడి, పెన్సిల్‌తో పాదం చుట్టూ గీత గీసి కత్తిరించుకోండి. రెండు పాదాలకూ తీసుకోండి, ఒకటి కాస్త పెద్దగా ఉండటం మామూలే. కొనేది ఆ పెద్దదానికే. షాపులో ఆ కాగితాన్ని బూటు అడుగున, సోలు మీద పరిచి చూడండి. సోలు ఎప్పుడూ లోపలి చోటు కన్నా కొంచెం వెడల్పే. కాగితం ఆ సోలునే దాటి బయటికొస్తోందంటే ఆ జత మీది కాదు, తొడిగి చూడక్కర్లేదు. లోపలి మెత్త బయటికి వచ్చేదైతే ఇంకా మంచిది. దాన్ని నేల మీద పెట్టి పైన నిలబడితే చిటికెనవేలు అంచు దాటుతోందా లేదా కళ్లకే కనిపిస్తుంది.

ఆ పరీక్ష నెగ్గిన జతను, ఆ రోజు వేసుకోబోయే సాక్సులతోనే తొడిగి, లేసులు కట్టి, లేచి నిలబడాలి. అన్నిటికన్నా పొడుగు వేలు, కొందరికి అది రెండోది, దాని ముందు బొటనవేలి వెడల్పంత చోటు మిగలాలి. షాపంతా నాలుగుసార్లు నడవాలి. మడమ పైకి లేస్తోంటే ఆ జత పక్కన పెట్టేయండి.

ఇక్కడే సేల్స్‌మన్ అంటాడు, "రెండ్రోజులు వేస్తే అదే సాగుతుంది తమ్ముడూ" అని. తోలు బూటుకైతే ఆ మాటలో కొంత నిజముంది, వాడేకొద్దీ వెడల్పులో కాస్త సాగుతుంది. పొడవులో తోలు కూడా సాగదు. ఈ ధరలో దొరికేది ఎక్కువగా రెక్సిన్, అది ఎటూ సాగదు. తేడా తెలియాలంటే నాలిక అంచుని, కోసిన చోట దగ్గరగా చూడండి. తోలైతే పీచు పీచుగా కనిపిస్తుంది. రెక్సిన్‌లో కింద నేత గుడ్డ, పైన పల్చటి ప్లాస్టిక్ పొర కనిపిస్తాయి. రెక్సిన్ కొనడం తప్పేమీ కాదు. మొదటి రోజు నొక్కింది పదో రోజూ నొక్కుతుందని తెలిసి కొనాలి, అంతే.

తర్వాత బూటును రెండు చేతులా పట్టుకుని ముందు నుంచి వంచండి. నడిచేటప్పుడు వేళ్లు ఎక్కడ వంగుతాయో బూటూ అక్కడే వంగాలి. అసలు వంగకపోతే ప్రతి అడుగుకీ మడమ బయటికి లాగుతుంది. నడిమికి మడత పడితే పాదానికి ఆసరా ఉండదు. సోలు నున్నగా, గట్టి ప్లాస్టిక్‌లా ఉంటే ఆఫీసుల పాలరాతి, టైల్స్ నేల మీద జారుతుంది. పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం కూడా చదవండి. తేలికపాటి పీయూ సోలు గాలిలోని తేమకి ఏళ్లు గడిచేకొద్దీ లోలోపల పాడవుతుంది. నాన్నగారి పెళ్లినాటి బూట్లో, అన్నయ్య ఎన్నాళ్లగానో వాడని బూట్లో అడిగి తెచ్చుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. పైన నిగనిగలాడుతున్నా, నాలుగడుగులు వేసేసరికి సోలు బెల్లంపొడిలా రాలిపోవచ్చు. ముందురోజే వంచి, గోటితో నొక్కి చూసుకోవాలి.

పదిహేను వందల లెక్క ఇలా వేసుకోవచ్చు. బూట్లకు వెయ్యి, పదకొండు వందలు. ముదురు రంగు పొడవు సాక్సులు రెండు జతలకు నూటయాభై. చాలా బూట్లకు సోలు అంచున కనిపించే కుట్టు అలంకారమే, నిలిపేది జిగురు. అందుకని వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గర సోలు చుట్టూ కుట్టు వేయించుకోవడానికి ఓ వంద పక్కనుంచండి. మిగిలినదాంట్లో మెడికల్ షాపు పేపర్ టేపు ఒకటి. రెక్సిన్‌కి పాలిష్ డబ్బా అక్కర్లేదు, పీల్చుకోదు కాబట్టి పైన పేరుకుంటుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఆడపిల్లలకు బెల్లీస్ చవకగా దొరుకుతాయి గానీ వాటి చుట్టూ ఉండే ఎలాస్టిక్ అంచే మడమని కోస్తుంది. పాదం మీదుగా పట్టీ ఉన్నది, వెడల్పు ముందుభాగం, అంగుళం మించని బోద మడమ ఉన్నది చూసుకుంటే చుడీదార్‌కీ చీరకీ ప్యాంటుకీ సరిపోతుంది.

కనీసం వారం ముందు కొనాలి. రోజూ సాయంత్రం ఓ గంట ఇంట్లో, తుడిచిన నేల మీద తిరగండి. సోలు మాయకపోతే మార్చుకునే దారి ఉంటుంది, బిల్లు దాచుకోండి. ఎర్రబడుతున్న చోటేదో ఆ వారంలోనే తెలుస్తుంది. ఇంటర్వ్యూ నాడు పొద్దున్నే ఆ చోట పేపర్ టేపు అతికించుకోవాలి, పొక్కు లేచాక కాదు. జూలై, ఆగస్టు వానల్లో అయితే చెప్పులతో బయల్దేరి, బూట్లూ సాక్సులూ కవర్లో పెట్టుకుని వెళ్లి, గేటుకి కాస్త ముందు మార్చుకోవడం మేలు. మధ్యాహ్నం దాటాక లేసులు ఒకసారి పూర్తిగా విప్పి మళ్లీ కట్టుకోండి, పొద్దున సరిపోయిన ముడి అప్పటికి బిగుతవుతుంది.