గ్వానిన్‌ను గుర్తుపట్టే మడత

మట్టిలో బతికే బాసిల్లస్ సబ్టిలిస్ బ్యాక్టీరియాలో గ్వానిన్ సరిపడా ఉందో లేదో పసిగట్టి కొన్ని జన్యువులను ఆపేది ప్రొటీన్ కాదు, ఆర్ఎన్ఏ మడతే. ఈ రైబోస్విచ్‌ను 2003లో అమెరికాలోని యేల్‌లో రోనాల్డ్ బ్రేకర్ బృందం వెల్లడించింది.

జన్యువు నకలుగా ఆర్ఎన్ఏ తయారవుతుంటే, ముందు బయటికొచ్చే కొస మడతపడి చిన్న గూడవుతుంది. గ్వానిన్ అందులో ఇమిడితే మడత బిగుస్తుంది. అప్పుడు వెనకే వచ్చే ముక్క తనలో తానే జతకట్టి ముడుచుకుంటుంది. నకలు తీస్తున్న పాలిమరేజ్ అక్కడే ఊడిపోతుంది. గ్వానిన్ దొరక్కపోతే మడత సడలి, ఆ ముక్కలో కొంత భాగంతో వేరేలా జతకడుతుంది. నకలు సాగిపోతుంది.

ఇదంతా పాలిమరేజ్ ఆ చోటు దాటేలోపే తేలిపోవాలి.

గుర్తింపు ఎంత కచ్చితమో చూడండి: గూటిలో గ్వానిన్‌తో జతకట్టేది 74వ అక్షరం ‘సి’. దాన్ని ‘యు’గా మారిస్తే, అదే ఆర్ఎన్ఏ గ్వానిన్‌ను వదిలి అడినిన్‌ను పట్టుకుంటుంది.