సూది వేసిన రాత్రి జ్వరమెందుకు?

ఆరో వారం టీకా వేయించిన రాత్రి మనవడి ఒళ్లు కాలిపోతుంటే ఏ అమ్మమ్మకైనా గుండె దడే. కంగారు పడకండమ్మా. ఎడమ తొడకు వేసిన ఆ పెంటావాలెంట్ సూదిలో చంపేసిన కోరింత దగ్గు క్రిములుంటాయి. అవి ఆ జబ్బు తెప్పించలేవు. ఒంట్లోని రక్షక కణాలు మాత్రం వాటిని పట్టి, ముక్కలు చేసి, ఆ ఆనవాళ్లను తోటి కణాలకు చూపిస్తాయి. ఆ హడావుడికే జ్వరం, తొడ మీద వాపు. ఆనవాలు పట్టిన కణాల్లో కొన్ని యాంటీబాడీలు తయారుచేస్తాయి, కొన్ని జ్ఞాపక కణాలుగా మిగులుతాయి. ఒక్క మోతాదుతో వచ్చే బలం చాలదు. అందుకే 10, 14 వారాల్లో మళ్లీ వేస్తారు. జ్వరం రాకపోయినా టీకా పనిచేస్తుంది. వస్తే సాధారణంగా రెండు రోజుల్లో తగ్గుతుంది. ఫిట్స్ వచ్చినా, మూడు గంటలు ఆపకుండా ఏడ్చినా, పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.