ఒకటో తరగతి తొలి వారం: ఎవరికి ఎంతవరకు వచ్చో తెలుసుకోవడం ఎలా?

జూన్‌లో బడి తెరిచాక ఒకటో తరగతి గదిలో కూర్చునే పిల్లలందరూ ఒకే చోటి నుంచి బయలుదేరరు. అంగన్‌వాడీలో వర్ణమాల మొత్తం పాడి వచ్చినవారు, ఇంట్లో అక్క పలక మీద దిద్దించినవారు, పుస్తకం ఎప్పుడూ పట్టనివారు, ఇంట్లో తెలుగు మాట్లాడనివారు పక్కపక్కనే ఉంటారు. పాఠం ఎవరికి ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చడానికి తొలి వారంలో చేసే చిన్న పరిశీలనే ప్రారంభ పరీక్ష. దీనికి మార్కులు ఉండవు. అందులో పెట్టే ప్రతి ప్రశ్నకూ ఒకటే కొలత: జవాబును బట్టి మర్నాటి బోధన మారాలి. మారదనిపిస్తే ఆ ప్రశ్న అక్కర్లేదు.

ఈ వయసు పిల్లలకు రాత పరీక్ష పనికిరాదు. పెన్సిల్ పట్టడం రాకపోవడాన్నీ అక్షరం తెలియకపోవడాన్నీ అది వేరు చేయలేదు. అందుకే ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని నోటితో అడగాలి. ఒక్కొక్కరికి ఆరేడు నిమిషాలు పడుతుంది. తరగతిలో 24 మంది ఉంటే మొదటి రోజు ఎవరినీ అడగకుండా కొత్త పోనిచ్చి, తర్వాతి నాలుగు రోజులూ రోజుకు ఆరుగురిని చూడవచ్చు. రోజుకు ముప్పావు గంట సరిపోతుంది. ఆ సమయంలో మిగతావారికి బంకమట్టి, రంగులు, బొమ్మల పుస్తకాలు ఇస్తే గది తనంతట తాను నడుస్తుంది. కావలసిన సామాను కూడా తక్కువే: ఒక అక్షరాల అట్ట, అంకెల కార్డులు, గుప్పెడు చింతగింజలు, పేర్లు రాసుకున్న ఒక కాగితం.

అక్షరాల అట్ట మీద 56 అక్షరాలూ ఉండక్కర్లేదు. చిన్న పిల్లల మాటల్లో అరుదుగా వచ్చే ఝ, ఞ, ఌ వంటివి ఇప్పుడు తెలిసినా తెలియకపోయినా తేడా లేదు. అ, ఆ, ఇ, ఉ, ఎ అనే ఐదు అచ్చులు, క, గ, చ, జ, డ, త, ద, న, ప, మ, య, ర, ల, వ, స అనే పదిహేను హల్లులు కలిపి 20 చాలు. వీటిని వరసకు ఐదు చొప్పున నాలుగు వరసల్లో పెద్దగా రాయాలి. క్రమం మాత్రం తప్పక కలిపేయాలి. అ నుంచి వరసగా రాస్తే బిడ్డ అక్షరాన్ని చూడకుండానే పాట పాడేస్తుంది. అప్పుడు తెలిసేది పాట వచ్చిందని మాత్రమే. పోలికలున్న ప, వ, స గానీ మ, య గానీ పక్కపక్కన పడకుండా చూడాలి. దగ్గర దగ్గరగా ఉంటే తెలిసిన బిడ్డ కూడా తడబడుతుంది.

వేలితో చూపి, ‘అమ్మా, ఇది ఏ అక్షరం?’ అని ఒకే మాటతో అందరినీ అడగాలి. మూడు నాలుగు సెకన్లు ఆగి తర్వాతిదానికి వెళ్లాలి. మొదటి వరస ఐదూ రాకపోతే ఆ పని ఆపేసి, ‘ఇందులో నీకు తెలిసినవి చూపించు’ అనాలి. ఏదీ చూపకపోతే ‘త ఎక్కడుంది?’ అని రెండు మూడు అక్షరాలు అడగాలి. పేరు చెప్పలేకపోయినా వేలు పెట్టి చూపగలిగితే ఆ అక్షరంతో కొంత పరిచయం ఉన్నట్టే. అసలు అక్షరాల జోలికే వెళ్లని బిడ్డను ‘కాకి, కాలు, మేక: వీటిలో వేరేగా మొదలయ్యేది ఏది?’ అని అడిగితే చెవికి ధ్వనులు వేరుగా వినిపిస్తున్నాయో లేదో తెలుస్తుంది. పదహారుకు పైగా చెప్పినవారికి మాత్రం కా, కి, కు చూపాలి. తెలుగులో అక్షరం పేరే దాని ధ్వని కాబట్టి, క గుర్తుపట్టినవారికి తర్వాతి మెట్టు గుణింతమే.

అంకెల భాగంలో నాలుగు పనులుంటాయి. మొదట నోటితో ఎంతవరకు లెక్క వచ్చో వినాలి. ముప్పై దగ్గర ఆపేయవచ్చు. రెండోది, ఎనిమిది చింతగింజలు వరసగా పెట్టి లెక్కించమని, ముగిశాక ‘మొత్తం ఎన్ని?’ అని అడగడం. మూడోది, గింజల కుప్ప ముందు పెట్టి ‘నాకు ఐదు ఇవ్వు’ అనడం. నాలుగోది, 1 నుంచి 10 వరకు కార్డులు కలిపి ఒక్కొక్కటీ చదివించడం. 6, 9 తలకిందులైతే ఒకేలా కనిపిస్తాయి కాబట్టి వాటి కింద గీత గీయాలి. పదీ వచ్చినవారికి 12, 15, 20 చూపవచ్చు. 12 చూసి ‘ఒకటి, రెండు’ అనే బిడ్డకు అంకెలు తెలుసు, రెండంకెల సంఖ్య ఇంకా తెలియదు.

రెండో పనికీ మూడో పనికీ ఉన్న తేడాలోనే అసలు సంగతి ఉంది. ఒక పాప ఇరవై వరకు గడగడా చెప్పింది అనుకుందాం. ఎనిమిది గింజలనూ ఒక్కొక్కటిగా తాకుతూ సరిగ్గానే లెక్కించింది. ‘మొత్తం ఎన్ని?’ అంటే జవాబు చెప్పకుండా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. ‘ఐదు ఇవ్వు’ అంటే గుప్పెడు తీసి ఇచ్చింది. లెక్కింపులో చివర చెప్పిన సంఖ్యే మొత్తం ఎంతో చెబుతుందన్న ఎరుక ఆమెకు ఇంకా రాలేదు. ఈ పాపకు వంద వరకు వల్లెవేయించడం దండగ. ఐదు లోపు వస్తువులను ఇవ్వడం, తీసుకోవడం, పంచడం కొన్ని వారాలు చేయించాలి. నోటి లెక్క ఒక్కటే విని ఉంటే ఆమె ముందున్నవారిలో చేరిపోయేది.

కాగితం మీద పిల్లల పేర్లు అడ్డ వరసల్లో, అక్షరాలు, పనులు నిలువు వరసల్లో ఉండాలి. వెంటనే చెబితే టిక్కు, జవాబు లేకపోతే అడ్డగీత, మరొకటి చెబితే ఆ చెప్పినదే రాయాలి. ప చూసి ‘వ’ అన్నారని రాసుకుంటే ఏం నేర్పాలో తెలుస్తుంది. తప్పు గుర్తు పెడితే తెలియదు. అడిగేటప్పుడు సరిదిద్దకూడదు, ముఖం మార్చకూడదు, అందరితోనూ ఒకేలా ‘సరే, ఇది చూడు’ అనాలి.

నాలుగు రోజులయ్యాక కాగితాన్ని రెండు వైపుల నుంచీ చదవాలి. నిలువుగా చూస్తే, 24 మందిలో 18 మందికి డ రాలేదంటే అది తరగతి మొత్తానికీ చెప్పాల్సిన పాఠం. అడ్డంగా చూస్తే ఒక్కో బిడ్డ కనిపిస్తుంది. ఐదులోపు అక్షరాలు వచ్చినవారు, ఆరు నుంచి పదిహేను వచ్చినవారు, గుణింతానికి సిద్ధమైనవారు అని మూడు జట్లు చేయవచ్చు. లెక్కలకు జట్లు వేరుగా వేయాలి. అక్షరాల్లో వెనకున్న బిడ్డ గింజల్లో ముందుండవచ్చు.

ఈ పరిశీలన తప్పు చెప్పే సందర్భాలూ ఉన్నాయి. నోరు విప్పని బిడ్డకు రాదని తీర్మానించకూడదు. కొన్ని రోజులాగి మళ్లీ అడగాలి. లంబాడీ, కోయ, ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలు తమ భాషలో లెక్కించినా, కొందరు ‘వన్, టూ’ అన్నా సరైనదిగానే తీసుకోవాలి. మాటే రాకపోతే నాలుగు గింజలు పెట్టి ‘ఇన్నే నువ్వూ పెట్టు’ అన్నట్టు సైగ చేయాలి. అట్టను ముఖానికి బాగా దగ్గరగా లాక్కుంటే చూపు, మాటిమాటికీ ‘ఆఁ?’ అని అడిగితే వినికిడి పరీక్ష చేయించాలి.

అవే 20 అక్షరాలను మరో క్రమంలో రాసి, అవే గింజలతో ఆగస్టు చివర మళ్లీ అడగాలి. రెండు కాగితాలనూ పక్కపక్కన పెడితే ఎవరు కదిలారో, ఎవరు ఆగిపోయారో, ఏ అక్షరం ఇంకా తరగతి మొత్తానికీ అందలేదో కనిపిస్తుంది. జట్లను దాన్నిబట్టి మార్చాలి.