గోడ మీద నోటీసు, 45 రోజుల గడువు

ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న అప్పు మొండి బాకీ అయితే, దాన్ని వేలం వేయడానికి బ్యాంకు కోర్టుకు వెళ్లనక్కర్లేదు. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం ఆ అధికారాన్ని నేరుగా బ్యాంకు చేతికే ఇచ్చింది. తీర్పు అవసరం లేదు కాబట్టి దావా వేయాల్సిన భారం తిరగబడి బాకీదారు మీద పడుతుంది. బ్యాంకు తప్పు చేసిందనుకుంటే అడగాల్సింది ఆయనే, అదీ గడువులోగా.

గుంటూరులో ఒక చిన్న వ్యాపారి ఇల్లు తనఖా పెట్టి 30 లక్షలు తెచ్చాడనుకుందాం. జనవరి 5న కట్టాల్సిన వాయిదా, ఆ తర్వాతవీ తప్పాయి. బకాయి 90 రోజులు దాటితే బ్యాంకు ఆ ఖాతాను ఎన్‌పీఏగా మారుస్తుంది. ఏప్రిల్ 10న డిమాండ్ నోటీసు ఇచ్చింది. ఎంత బాకీ ఉందో, ఏ ఆస్తి మీద చర్య తీసుకుంటారో అందులో ఉండాలి. పూర్తిగా చెల్లించడానికి ఇచ్చేది 60 రోజులు, అంటే జూన్ 9 దాకా. ఈలోగా బ్యాంకు అనుమతి లేకుండా ఆ ఇల్లు అమ్మడం కుదరదు.

ఈ దశలో వ్యాపారికి ఉన్న హక్కు అభ్యంతరం రాసి పంపడం. వడ్డీ లెక్క తప్పిందనో, కట్టిన సొమ్ము జమ కాలేదనో ఆధారాలతో రాస్తే, బ్యాంకు 15 రోజుల్లో కారణాలు చెప్పి జవాబివ్వాలి. జవాబు నచ్చలేదని అప్పుడే ట్రైబ్యునల్‌కు పోవడానికి వీల్లేదు. అయినా రాయడం మంచిది. తర్వాత విచారణలో ఆ ఉత్తరమే పనికొస్తుంది.

చాలామంది పొరబడేది తర్వాతి మెట్టు దగ్గర. జూన్ 16న బ్యాంకు అధికారి వచ్చి గోడకు ఒక నోటీసు అంటించి, ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు. తాళం వేయలేదు, ఎవరినీ బయటికి పంపలేదు. దీన్ని సింబాలిక్ పొసెషన్ అంటారు. ఏడు రోజుల్లో ఆ ప్రకటన రెండు పత్రికల్లో రావాలి, వాటిలో ఒకటి స్థానిక భాషలో. ఇల్లు ఇంకా మన చేతిలోనే ఉంది కదా అని కుటుంబం ఊరుకుంటుంది. కానీ రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కు, అంటే డీఆర్‌టీకి, వెళ్లడానికి చట్టం ఇచ్చిన 45 రోజులు ఆ నోటీసుతోనే మొదలవుతాయి. మన వ్యాపారికి అవి జులై 31తో ముగుస్తాయి. ఇల్లు పూర్తిగా చేజారేదాకా ఆగనక్కర్లేదని, ఈ దశలోనే ట్రైబ్యునల్‌ను ఆశ్రయించవచ్చని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత జిల్లా మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో పోలీసుల సాయం తీసుకుని బ్యాంకు ఇల్లు ఖాళీ చేయించవచ్చు. సివిల్ కోర్టులో దావా వేసి దీన్ని ఆపాలంటే మాత్రం చట్టం ఒప్పుకోదు.

డీఆర్‌టీ తెలుగువారికి హైదరాబాద్‌లోనూ, విశాఖపట్నంలోనూ ఉంది. దరఖాస్తుకు ఫీజు ఉంటుంది కానీ బాకీలో కొంత ముందే కట్టాలన్న షరతు లేదు. మొదట్లో చట్టం 75 శాతం కట్టమనేది. 2004లో మార్దియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ట్రైబ్యునల్ చూసేది బ్యాంకు చట్టప్రకారం నడిచిందా అన్నదే: నోటీసు సరిగ్గా అందిందా, అభ్యంతరానికి జవాబిచ్చిందా, ఆస్తికి విలువ కట్టించిందా, తొలి వేలానికి ప్రకటన ఇచ్చి 30 రోజులు ఆగిందా. తప్పు తేలితే చర్యను రద్దు చేసి ఆస్తి తిరిగి ఇప్పించగలదు. అప్పును మాత్రం మాఫీ చేయదు. స్టే ఇచ్చేటప్పుడు కొంత సొమ్ము కట్టమనడమూ మామూలే.

సాగుభూమి ఈ చట్టం కిందికి రాదు. అయితే పాస్‌బుక్‌లో వ్యవసాయ భూమి అని రాసి ఉంటే సరిపోదని, నిజంగా సాగు జరుగుతోందని బాకీదారే చూపాలని తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఎలాగోలా డబ్బు సమకూర్చి ఇల్లు విడిపించుకోవాలనుకునేవారికీ గడువుంది. వేలం ప్రకటన వెలువడక ముందే ఖర్చులతో సహా మొత్తం కట్టేయాలి. ముంబై ప్రాంతానికి చెందిన బాఫ్నా మోటార్స్ కేసులో వేలంలో ఆస్తి 105 కోట్లకు పోయింది. తర్వాత బాకీదారు 129 కోట్లు కడతానంటే హైకోర్టు ఒప్పుకుంది. సుప్రీంకోర్టు 2023లో దాన్ని తోసిపుచ్చి, ఆస్తి వేలంలో గెలిచినవారికే ఇచ్చింది. ఎక్కువ డబ్బు ఇస్తానన్నా, గడువు దాటాక ఆ హక్కు మిగలదు.

డీఆర్‌టీలో ఓడితే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. కానీ అక్కడ బాకీలో సగం ముందుగా కట్టాలి. ట్రైబ్యునల్ దయ చూపినా పావు వంతుకు తగ్గదు. అందుకే డబ్బులేనివాడికి నిజంగా అందుబాటులో ఉన్న తలుపు జులై 31 లోపే తెరిచి ఉంటుంది.