దీపావళి పెట్టె మీద ఏం రాయాలి?

కంపెనీలకు దీపావళి పెట్టెలు అమ్మే మిఠాయి దుకాణం కరపత్రంలో ముందు మూడు విషయాలు చెప్పాలి: లోపల ఏముంది, అట్టపెట్టె బరువు తీసేస్తే ఎంత తూగుతుంది, ఏ తేదీలోపు తినాలి. ‘రాజసం’, ‘వైభవం’ అన్న పేర్లు ఒక్కటే చూసి ఎవరూ రెండొందల పెట్టెలు ఆర్డర్ ఇవ్వరు.

శ్రేణులు ఇలా పెట్టవచ్చు. సిబ్బందికి పావుకిలో కాజు కట్లీ, అయిదు పూతరేకులు. ఖాతాదారులకు వాటితోపాటు బాదం, జీడిపప్పు వంద గ్రాముల చొప్పున. పొరుగూరి భాగస్వాములకు మిఠాయి లేకుండా బాదం, పిస్తా, అంజీర్, ఖర్జూరం. కొరియర్ వారం ఆలస్యమైనా ఇవి పాడవవు. కలాకండ్, పాలకోవా మాత్రం త్వరగా పులిసిపోతాయి, వాటిని అదే ఊళ్లో చేతికి అందించే పెట్టెలకే ఉంచాలి.

సందేశానికీ మూడు ఎంపికలు చాలు: అందరికీ ఒకే కార్డు, పేరు అచ్చువేసిన కార్డు, చేతిరాత. పేరు కింద ఒక నిజమైన మాట ఉండాలి: “మా గోదాము పని గడువులోపు పూర్తయింది మీ వల్లే. మీ ఇంటిల్లిపాదికీ దీపావళి శుభాకాంక్షలు.”

ఎక్కువగా తప్పులు దొర్లేది పేర్లలోనే. అచ్చుకు ముందు జాబితాను కంపెనీ చేత సరిచూపించి సంతకం తీసుకోవాలి.